మేనేజర్ కొట్టే ఉత్త 👍 ఎందుకు గుచ్చుకుంటుంది?

ప్రశ్న: గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ జాబ్, మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్. మొన్న శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి మా మేనేజర్‌కి చాట్‌లో ఇలా పెట్టా: "సార్, ఈ రోజు సెటిల్‌మెంట్ ఫైల్ ఫెయిలైంది. కారణం దొరికింది, డేట్ ఫార్మాట్ మారింది. ఈ రాత్రికే ప్యాచ్ వేయొచ్చు, లేదంటే పాత వెర్షన్‌కి వెళ్లిపోయి సోమవారం తర్వాత తీరిగ్గా చేయొచ్చు. క్లయింట్‌కి మనమే చెప్దామా, వాళ్లు అడిగేదాకా ఆగుదామా? సోమవారం వరంగల్‌లో పెళ్లుంది, లీవ్ పెట్టాను." దానికి ఆయన ఉత్త 👍 కొట్టారు. అంతే. అదే రోజు పక్క టీమ్ అమ్మాయికి మాత్రం "గుడ్ క్యాచ్" అని రాశారు. నా మీద ఏమైనా కోపమా? లేక నేనే అతిగా ఆలోచిస్తున్నానా?

సమాధానం:

ముందు మీ మెసేజ్‌ని విప్పి చూద్దాం. జవాబు సగం అందులోనే ఉంది.

మీరు ఒకే ఊపులో నాలుగు సంగతులు రాశారు. ఫైల్ ఫెయిలైంది, కారణం దొరికింది అన్నది కబురు. ప్యాచా, పాత వెర్షనా అన్నది ఆయన తేల్చాల్సిన విషయం. క్లయింట్‌కి చెప్పాలా వద్దా అన్నది ఇంకోటి, పైగా కాస్త సున్నితమైనది. లీవ్ సంగతి ఊరికే తెలియజేయడం. ఇప్పుడు ఆ 👍ని ఒక్కోదాని పక్కన పెట్టి చూడండి. కబురుకి సరిపోతుంది: "చూశాను". లీవ్‌కి సరిపోతుంది: "వెళ్లిరా". కానీ ఈ రెంటిలో ఏది చేయమంటారని అడిగితే బొటనవేలు చూపించడం జవాబు కాదు కదా. క్లయింట్ విషయంలోనూ అంతే. నాలుగింట్లో రెండింటికి జవాబొచ్చింది, రెండు గాల్లో ఉండిపోయాయి. మీకు చల్లగా తగిలింది ఆ గాల్లో ఉన్న రెండే. బొమ్మను కాదు, అది జవాబు చెప్పకుండా వదిలేసిన చోటును మీరు చదివారు.

మనుషులు ఇలా చదవడానికి కారణముంది. పాల్ గ్రైస్ అనే భాషా తత్వవేత్త 1975లో దీన్ని సూత్రంగా చెప్పాడు. మాట్లాడుకునేటప్పుడు ఎదుటివాడు అవసరమైనంత చెబుతాడని మనం ముందే నమ్ముకుని ఉంటాం. అంతకంటే తక్కువ చెబితే "మర్చిపోయాడులే" అని వదిలేయం, "ఎందుకు చెప్పలేదు?" అని వెతుకుతాం. ఎదురుగా ఉంటే ఆ కారణం మొహంలోనో గొంతులోనో దొరుకుతుంది. చాట్‌లో అది దొరకదు, కాబట్టి మన దగ్గరున్న భయంతోనే ఆ ఖాళీ నింపుకుంటాం. అప్రైజల్ నెలల్లో ఇలాంటి అనుమానాలు ఎక్కువవడం ఊరికే కాదు. ఆఫీసు ఈమెయిళ్లలో భావాలు ఎలా తప్పుగా అందుతాయో క్రిస్టిన్ బైరన్ అనే పరిశోధకురాలు 2008లో రాసింది. మంచి ఉద్దేశంతో రాసింది చదివేవాడికి మామూలుగా కనిపిస్తుందట, మామూలుగా రాసింది చెడుగా కనిపిస్తుందట. మీ మేనేజర్ 👍 బహుశా ఈ రెండో రకం. ఆయన మనసులో సున్నా, మీ స్క్రీన్ మీదకొచ్చేసరికి మైనస్ ఒకటి.

పంపేవాడికి ఈ తేడా ఎందుకు తెలియదన్నది వేరే సంగతి. క్రూగర్, ఎప్లీ అనే పరిశోధకుల బృందం 2005లో ప్రచురించిన ప్రయోగంలో కొందరి చేత వ్యంగ్యంగానూ మామూలుగానూ ఉండే వాక్యాలు పంపించారు. కొన్ని ఈమెయిల్‌లో, కొన్ని గొంతుతో. నూటికి దాదాపు 78 సార్లు ఎదుటివాళ్లకి సరిగ్గా అర్థమవుతుందని పంపినవాళ్లు అనుకున్నారు, రెండు దారుల్లోనూ. గొంతు విన్నవాళ్లు దాదాపు అంతే పట్టుకున్నారు. ఈమెయిల్ చదివినవాళ్లు మాత్రం 56 దగ్గర ఆగిపోయారు, అంటే బొమ్మాబొరుసు వేసినదానికి కొంచెం పైన. రాసేటప్పుడు మన గొంతు మన చెవిలో మోగుతూ ఉంటుంది, అవతలికీ అదే వినబడుతోందనుకుంటాం. కాబట్టి మీ సార్ లోపల "భలే పట్టావ్, నీ ఇష్టం, కానియ్" అని అనుకుంటూనే ఆ బొటనవేలు నొక్కి ఉండొచ్చు. ఆయనకి అది పూర్తి వాక్యమే.

ఇక మన దగ్గర ఉన్న ప్రత్యేకమైన ముల్లు ఇంకోటి. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో పేరు పెట్టి పిలుచుకునే పద్ధతి వచ్చి చాలా కాలమైనా, చాట్‌లో కింది నుంచి పైకి వెళ్లే మాటకు ఇంకా తోక ఉంటుంది: "ఓకే సార్", "షూర్ అండి", "చేసేస్తానండి". తెలుగులో మాట్లాడితే మర్యాద క్రియలోనే కనిపిస్తుంది. "చూడు", "చూడండి"లో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు, ఎంచుకున్న క్షణంలోనే ఎదుటివాడు ఎక్కడున్నాడో తెలిసిపోతుంది. 👍కి అండి తగిలించడానికి చోటు లేదు. అందుకే మీరు ఆయనకి ఉత్త 👍 పెట్టాలంటే చెయ్యి రాదు, పక్కన "సార్" అని టైపు చేస్తారు. మీరు పైకి పంపలేనిది ఆయన కిందకి అలవోకగా పంపుతున్నారు. అది గమనించినప్పుడు మెసేజ్ అర్థం కంటే హోదానే ముందు కనబడుతుంది. సాటి కొలీగ్ అదే 👍 పెడితే మీకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. బొమ్మ ఒకటే, తేడా అంతా అది ఎటు నుంచి ఎటు వెళ్తోందన్న దగ్గరే ఉంది.

మేనేజర్ వైపు నుంచి చూస్తే కథ చాలా సాదాగా ఉంటుంది. వాట్సాప్‌లో మెసేజ్‌ని వేలితో నొక్కి పట్టుకుంటే వచ్చే వరసలో మొదటిది 👍. టీమ్స్‌లో మౌస్ పెట్టగానే వచ్చే వరసలోనూ ముందుండేది అదే. మీటింగ్‌లో ఉండి, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, పదిహేను మెసేజ్‌లు దాటుకుంటూ వెళ్లేవాడు వరసలో మొదటిదే నొక్కుతాడు. ఎంచుకుని పెట్టిన బొమ్మ కాదది, చేతికందిన బొమ్మ. దానికి తోడు, నలభై దాటినవాళ్లు చాలామందికి ఈ అలవాటు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ గ్రూపులోనో బంధువుల గ్రూపులోనో అబ్బింది. అక్కడ "రేపు ఉదయం మంజీరా నీళ్లు రావు" అన్న మెసేజ్ కింద పాతిక 👍లు పడతాయి. ఎవరూ ఎవరి మీదా అలగలేదు, చూశామని చెప్పారు, అంతే. ఇక చిన్నవాళ్లు 👍ని "సరే, ఇక ఆపు" అని చదవడం నేర్చుకున్నది వేరే చోట. ఫ్రెండ్స్ మధ్య పెద్ద మెసేజ్‌కి ఒక్క బొమ్మ వచ్చిందంటే అవతలివాడు అలిగాడనే లెక్క. రెండు అలవాట్లూ ఒకే చాట్‌లో ఎదురుపడ్డాయి, అందులో ఎవరి తప్పూ లేదు.

ఒక తేడా మాత్రం తప్పకుండా చూడండి. ఆయన మీ మెసేజ్‌కి రియాక్షన్‌గా పెట్టారా, లేక 👍 ఒక్కదాన్నే విడి మెసేజ్‌గా పంపారా? మీరు "కొట్టారు" అన్నారు కాబట్టి రియాక్షనే అనుకుంటున్నా. రియాక్షన్ మీ మాటకి అంటుకుని కింద చిన్నగా ఉంటుంది. సంభాషణ ఇంకా మీ చేతిలోనే ఉన్నట్టు లెక్క. స్లాక్‌లో అయితే దానికి మామూలుగా ఫోన్ కూడా మోగదు, యాక్టివిటీలోకి వెళ్తే కనబడుతుంది. విడి మెసేజ్ అలా కాదు. అది సంభాషణలో తన వంతు తీసుకుంటుంది, ఫోన్ మోగిస్తుంది, మీరు పరుగున తెరిచి చూస్తే బొటనవేలు. పైగా వాట్సాప్, స్లాక్ లాంటివి ఒంటరి ఎమోజీని మామూలు కంటే పెద్దది చేసి చూపిస్తాయి. ఆశపెట్టి ఏమీ ఇవ్వకపోవడం వల్ల, అంత పెద్దగా ఒక్కటే నిలబడి ఉండటం వల్ల అది తలుపేసినట్టు ఉంటుంది. అమెరికాలోని బింగ్‌హామ్‌టన్ యూనివర్సిటీ వాళ్లు 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఇలాంటిదే బయటపడింది. ఒక్క మాట జవాబు చివర ఫుల్‌స్టాప్ పెడితే, ఫోన్ మెసేజ్‌లో అది మనస్ఫూర్తిగా రాసినట్టు అనిపించలేదు. అదే జవాబు చేత్తో రాసిన చీటీలో ఉంటే ఆ తేడా కనబడలేదు. అంటే మాట ముగిసిందని గట్టిగా చెప్పే గుర్తు ఏదైనా చాట్‌లో మాత్రమే ముల్లవుతుంది.

మరి నిజంగా కోపమే అయితే ఎలా తెలుస్తుంది? ఒక్క 👍 నుంచి తెలియదు. ఎంత తిప్పి చూసినా తెలియదు, కాబట్టి దాన్నే మళ్లీ మళ్లీ తెరిచి చూడటం దండగ. ఆయన పాత రియాక్షన్లు ఒక పదిహేను ఇరవై వెనక్కి వెళ్లి చూడండి, మీవీ ఇతరులవీ. అందరికీ 👍లే పడుతుంటే అది ఆయన సంతకం, మీకు ప్రత్యేకం కాదు. మీకు ఇంతకుముందు రెండు ముక్కలు రాసేవారు, ఒక తేదీ నుంచి మానేశారు, ఇతరులకి ఇంకా రాస్తున్నారు అంటే అది మార్పు, అక్కడ ఆగి ఆలోచించాలి. ఆ తేదీకి ముందు ఏం జరిగిందో మీకే గుర్తొస్తుంది. పక్క టీమ్ అమ్మాయితో పోల్చే ముందు ఒకటి చూడండి: ఆమె మెసేజ్‌లో ఆయన తేల్చాల్సినది ఏమైనా ఉందా? ఆమె తప్పు పట్టుకుని సరిచేసేసి "అయిపోయింది" అని రాసి ఉంటే, మిగిలింది మెచ్చుకోవడమే కాబట్టి "గుడ్ క్యాచ్" వచ్చింది. మీరు పని పెట్టారు, అది కూడా శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి. ఆ గంటలో చాలామంది మేనేజర్లు అమెరికా కాల్‌లో ఉంటారు.

పాసివ్ అగ్రెసివ్ అనడానికి ఇంకో అడుగు కావాలి. అంటే ఒప్పుకోకుండానే ఒప్పుకున్నట్టు గుర్తు వేసి, ఆ ఒప్పుకోకపోవడాన్ని పక్క దారిలో చూపించడం. దానికి రుజువు 👍లో ఉండదు, దాని తర్వాత జరిగే వాటిలో ఉంటుంది. మీ ప్లాన్‌కి 👍 పెట్టి, మర్నాడు స్టాండప్‌లో "ఇది ఎవరిని అడిగి చేశారు?" అంటే అది. గ్రూపులో పదిమంది ముందు మీరు సూటిగా అడిగిన ప్రశ్నకి 👍 పెట్టి, అదే థ్రెడ్‌లో మిగతావాళ్లకి మాటల్లో బదులిస్తే అది. ఒకసారి జరిగితే హడావుడి అనుకోవచ్చు. మూడుసార్లు అదే పద్ధతిలో జరిగితే మీ అనుమానం నిజమే. ఇది చాలామంది ఒప్పుకోరు గానీ, ప్రతి 👍కీ "బిజీగా ఉన్నారేమో" అని సర్దిచెప్పుకోవడం కూడా ఓ రకమైన గుడ్డితనమే.

బొటనవేలి అర్థాన్ని పాత అలవాటు నుంచే చదవాలని ఒక కోర్టు కూడా చెప్పింది. కెనడాలోని సస్కాచెవాన్‌లో 2021 మార్చిలో ఒక ధాన్యం కొనుగోలు సంస్థ, అవిసె గింజల ఒప్పందం ఫొటో తీసి, కన్ఫర్మ్ చేయమంటూ రైతు ఫోన్‌కి పంపింది. ఆయన 👍 పెట్టాడు. సరుకు ఇవ్వలేదు. "నాకు అందింది అనే నా ఉద్దేశం, ఒప్పుకున్నట్టు కాదు" అన్నాడు. 2023 జూన్‌లో జడ్జి ఆ వాదన తోసిపుచ్చి, సుమారు 82 వేల కెనడా డాలర్లు కట్టమన్నారు. కారణం: అంతకుముందు ఒప్పందాలన్నిటికీ ఆయన "ఓకే", "యప్" లాంటి పొట్టి జవాబులే ఇచ్చి సరుకు అందించాడు. ఆ వరసలో ఈ 👍 కూడా సంతకమే అన్నారు. 2024 డిసెంబర్‌లో పై కోర్టూ దాన్నే సమర్థించింది. చూశాను అనా, ఒప్పుకున్నాను అనా అన్నది అంత ఖరీదైన ప్రశ్న. మీ చాట్‌లోనూ ఉన్నది అదే ప్రశ్న. ఆ రాత్రి మీరు ప్యాచ్ వేసి, అది ఇంకేదో చెడగొడితే, ఆ 👍 అనుమతి కిందకి వస్తుందా రాదా? మీకూ తెలియదు, ఆయనకీ తెలియదు. మనసు నొచ్చుకోవడం కంటే నన్ను అడిగితే ఇదే పెద్ద సమస్య.

కాబట్టి మందు కూడా ఇక్కడే వేయాలి. ఆయన బొటనవేలు మారదు, మీ మెసేజ్ మారొచ్చు. 👍 పడితే అది పూర్తి జవాబు అయ్యేలా రాయండి. మీ మెసేజ్‌నే మూడు ముక్కలు చేస్తే ఇలా ఉంటుంది:

"సార్, సెటిల్‌మెంట్ ఫైల్ ఫెయిలైంది. కారణం డేట్ ఫార్మాట్. ఈ రాత్రి పాత వెర్షన్‌కి మార్చేస్తున్నా, ప్యాచ్ మంగళవారం వేస్తా. వద్దనుకుంటే పదిన్నరలోపు చెప్పండి, అప్పటిదాకా ఆగుతా."

"క్లయింట్‌కి రేపు ఉదయం నేనే రెండు లైన్ల మెయిల్ పెడతా, మీకు సీసీ. సరేనంటే 👍."

"సోమవారం నేను లీవ్, సిస్టమ్‌లో పెట్టాను."

ఇక్కడ మారింది రెండే. ఏది చేయమంటారన్న ప్రశ్న పోయి, నేను ఇది చేస్తున్నానన్న మాట వచ్చింది. ఒక్కో విషయం ఒక్కో మెసేజ్ అయింది కాబట్టి ఏ 👍 దేనికో తెలుస్తుంది. పాత వెర్షన్‌నే ఎందుకు ఎంచానంటే, జవాబు రాకపోయినా నష్టం తక్కువున్న దారి అది. గడువు దాటితే ఏం చేస్తారో చెప్పేటప్పుడు ఎప్పుడూ వెనక్కి తీసుకోగలిగిన దారినే చెప్పండి. డబ్బు, క్లయింట్ డేటా, ప్రొడక్షన్‌లో వెనక్కి రాని మార్పు ఉన్నచోట గడువు పద్ధతి పనికిరాదు. అక్కడ 👍ని అనుమతి అనుకోకుండా ఫోన్ చేయాల్సిందే, రాత్రి పదైనా సరే. ఫోన్ అయ్యాక "ఇప్పుడు మాట్లాడుకున్నట్టు ప్యాచ్ వేస్తున్నా" అని ఒక లైన్ రాసి పెట్టుకోండి.

చేయకూడనివి కూడా ఉన్నాయి. పది నిమిషాలు ఆగి "సార్??" అని పంపడం, తర్వాత ఆయన మెసేజ్‌కి పనిగట్టుకుని ఉత్త 👍 కొట్టి బదులు తీర్చుకోవడం, "నా మీద కోపమా?" అని చాట్‌లో అడగడం. చివరిది అన్నిటికంటే దారుణం, ఎందుకంటే దానికి కూడా "లేదు 👍" అనే వస్తుంది. అడగాలనుకుంటే వన్ ఆన్ వన్‌లో, గొంతుతో, పని గురించి అడగండి: "సార్, మీరు 👍 పెడితే చూశానని అనుకోవాలా, కానిచ్చేయమని అనుకోవాలా? ఒక్కోసారి నాకు తేడా తెలియట్లేదు." ఇందులో నింద లేదు, ఆయన సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. చాలామంది నవ్వేసి ఏదో ఒకటి తేల్చేస్తారు. కొన్ని టీమ్‌ల్లో 👀 అంటే చూస్తున్నా, ✅ అంటే అనుమతి, 👍 అంటే ఉత్త చూశాను అని ముందే మాట్లాడుకుంటారు. బాగానే నడుస్తుంది గానీ మూడు దాటితే ఎవరికీ గుర్తుండదు, కొత్తగా చేరినవాళ్లకి ఎవరూ చెప్పరు. ఛానల్ పైన పిన్ చేసి పెట్టకపోతే రెండు నెలల్లో మొదటికొస్తుంది.

ఇది చదివే మేనేజర్ ఎవరైనా ఉంటే మీకూ ఒక ముక్క. ప్రతిదానికీ పేరా రాయక్కర్లేదు. లీవ్, మీటింగ్ టైమ్, "ఫైల్ అప్‌లోడ్ చేశాను" లాంటివాటికి 👍 చాలు, అక్కడ మాటలు రాస్తేనే విసుగు. అవతలివాడు కష్టపడి వెతికి రాసినప్పుడు, లేదా ఏదో తేల్చమని అడిగినప్పుడు మాత్రం అందులోంచి ఒక పదం ఎత్తి వెనక్కి ఇవ్వండి. "డేట్ ఫార్మాట్ పట్టుకున్నావ్, మంచిది. పాత వెర్షన్‌కే వెళ్లు." ఏడెనిమిది పదాలు. ఆ "డేట్ ఫార్మాట్" అన్న మాటే మీరు చదివారని రుజువు. "గుడ్ జాబ్" చదవకుండా కూడా రాయొచ్చు, కింద ఉన్నవాళ్లకి ఆ తేడా బాగా తెలుసు. టైమ్ లేకపోతే 👍 బదులు "కాల్‌లో ఉన్నా, అరగంటలో చెప్తా" అని రాసి, అరగంటలో చెప్పండి.

మళ్లీ మీ దగ్గరికి. ఫైల్ సంగతి ఆ రాత్రే ఏదో ఒకటి చేసేసి ఉంటారు కాబట్టి, మీరు వరంగల్ బస్సెక్కేలోపు ఇంకా తేలని పని క్లయింట్ సంగతి ఒక్కటే. ఆ శుక్రవారం మెసేజ్‌కి రిప్లైగానే పెట్టండి, కొత్తగా మొదలెట్టొద్దు: "సార్, క్లయింట్‌కి ఇంకా చెప్పలేదు. ఈ మెయిల్ డ్రాఫ్ట్ చేశా, చూడండి. పంపేయమంటే 👍." కింద ఆ రెండు లైన్లు అతికించండి.